గంట గడువుకు గంటకోసారి చూస్తే చాలదు

సాఫ్ట్‌వేర్‌లో పెండింగ్ జాబితాను ఎంతసేపటికోసారి చూడాలని అడిగితే చాలామంది నోటి వెంట ముందుగా వచ్చేది ఒక గుండ్రటి అంకె. గంటకోసారి, రోజుకోసారి, జాగ్రత్తపరులైతే నిమిషానికోసారి. ఆ అంకె ఎక్కడినుంచి వచ్చిందంటే ఎవరూ చెప్పలేరు. అది ఊహించి పెట్టే అంకె కాదని, కూడికలూ తీసివేతలూ వస్తే చాలు ఎవరైనా కట్టగలిగిన లెక్క అని నా వాదన. లెక్క గడువు దగ్గర మొదలై వెనక్కి నడవాలి. ఆ జాబితాను వెతికే చెక్ ఎప్పుడెప్పుడు నడవాలన్నది ఆ లెక్కలో చివరన తేలాలి.

నేను శ్రీకాకుళంలో ఉంటాను. చిన్న చిన్న డయాగ్నొస్టిక్ ల్యాబ్‌లకు సాఫ్ట్‌వేర్ రాస్తాను. అందుకే ఉదాహరణ కూడా ల్యాబ్ నుంచే తీసుకుంటున్నాను.

మా జిల్లాలో ల్యాబ్ అంటే కిడ్నీ పరీక్షలు తప్పనిసరి. ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు, కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లలో ఉందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ ఊళ్ల కలెక్షన్ సెంటర్ల నుంచి శాంపిల్స్ శ్రీకాకుళం వస్తాయి. వాటిలో టెక్నీషియన్లు అన్నిటికన్నా భయపడేది క్రియాటినిన్‌కు కాదు, పొటాషియానికి. క్రియాటినిన్ నెమ్మదిగా పెరుగుతుంది, దాని గురించి డాక్టర్ రేపు మాట్లాడినా ఫర్వాలేదు. రక్తంలో పొటాషియం మామూలుగా లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీమోల్స్ దాకా ఉంటుంది. కిడ్నీలు దాన్ని బయటికి పంపలేకపోతే అది పెరిగి గుండె లయను దెబ్బతీస్తుంది. ఆరో, ఆరున్నరో దాటితే ల్యాబ్‌లు దాన్ని క్రిటికల్ వాల్యూ అంటాయి. ఆ రిపోర్ట్‌ను ప్రింట్ తీసి కవర్లో పెట్టి ఊరుకోకూడదు. డాక్టర్‌కు ఫోన్ చేసి చెప్పాలి. ఎవరు, ఎవరికి, ఏ టైముకు చెప్పారో రాసిపెట్టుకోవాలి. ల్యాబ్‌ల గుర్తింపుకు ఆధారమైన ఐఎస్ఓ 15189 ప్రమాణం కూడా ఇదే అడుగుతుంది. ఎన్ని నిమిషాల్లో చెప్పాలన్నది ల్యాబే తన డాక్టర్లతో మాట్లాడి పెట్టుకోవాలి. నేను చెప్పబోయే ల్యాబ్ ఒక గంట పెట్టుకుంది.

అక్కడ పెండింగ్ అంటే క్రిటికల్ ఫలితం వచ్చి కూడా డాక్టర్‌కు చెప్పినట్టు నమోదు కాని శాంపిల్. అలాంటివి ఏమన్నా మిగిలిపోయాయేమో ఒక ప్రోగ్రామ్ మధ్యమధ్యలో వెతికి, దొరికితే టెక్నీషియన్‌ను హెచ్చరించాలి. అక్కడి సీనియర్ టెక్నీషియన్ మేడమ్ నాతో అన్న మాట ఇది: “గంటలోపు చెప్పాలి కద బాబూ, గంటకోసారి చూసేలా పెట్టు, సరిపోద్ది.” వినడానికి ఎంతో సబబుగా ఉంటుంది. దాదాపు ప్రతి ఆఫీసులోనూ వినిపించే మాట కూడా ఇదే.

ఇందులో ఇబ్బంది చూడండి. చెక్ సరిగ్గా 11 గంటలకు నడిచింది. ఒక పేషెంట్ ఫలితం 11:01కి వచ్చింది. మళ్లీ చెక్ నడిచేది 12కి. అంటే అలా ఒకటి మిగిలిపోయిందని తెలిసేసరికే 59 నిమిషాలు పోయాయి. డాక్టర్ నంబర్ వెతకడానికి మిగిలింది ఒక్క నిమిషం. గంట గడువంతా కంప్యూటరే వాడేసుకుంది, మనుషులకు ఏమీ మిగల్చలేదు. సగటున అరగంటే కదా ఆలస్యం అని కొందరు సర్దిచెబుతారు. సగటు నిజమే. కానీ 11:01కి ఫలితం వచ్చిన పేషెంట్‌కు సగటుతో పనిలేదు. గడువు ప్రతి శాంపిల్‌కూ విడివిడిగా వర్తిస్తుంది కాబట్టి లెక్క అన్నిటికన్నా చెడ్డ సందర్భానికే కట్టాలి.

అందుకే మేం వెనకనుంచి మొదలుపెట్టాం. 60 నిమిషాల చివర్లో ఏం జరగాలి? డాక్టర్ ఫోన్ ఎత్తి మాట వినాలి. ఆయన ఓపీలో ఉండొచ్చు, మొదటిసారి ఎత్తకపోవచ్చు, ఆసుపత్రి నంబర్‌కు చేసి పిలిపించాల్సి రావొచ్చు. దీనికి 10 నిమిషాలు. దానికి ముందు టెక్నీషియన్ ఆ శాంపిల్‌ను మళ్లీ చూడాలి. రక్తకణాల లోపల పొటాషియం చాలా ఎక్కువ. శాంపిల్ తీసేటప్పుడు కణాలు చితికినా, సీరం వేరు చేయకుండా ట్యూబును అలాగే బస్సులో చాలాసేపు తెచ్చినా అది బయటికి కారి అంకె ఉత్తినే పెరిగిపోతుంది. కాబట్టి సీరం ఎర్రగా ఉందేమో చూడటానికి, ఇంకోసారి మిషన్‌లో పెట్టడానికి 10 నిమిషాలు. దానికి ముందు, హెచ్చరిక వెళ్లిన మొదటి మనిషి స్పందించకపోతే రెండో మనిషికి వెళ్లాలి. అలా ఎదురుచూసే సమయం 10 నిమిషాలు, రెండో మనిషి చేతిలో పని వదిలి రావడానికి 5.

అన్నీ కూడితే 35. ఇది మనుషుల వాటా. ప్రోగ్రామ్ ఎంత వేగంగా నడిచినా ఇందులో ఒక్క నిమిషం కూడా తగ్గదు. అరవైలోంచి తీసేస్తే 25 నిమిషాలు మిగిలాయి. కంప్యూటర్ వాటా అదీ.

ఈ 25ను నేరుగా రెండు చెక్‌ల మధ్య విరామంగా పెట్టకూడదు. రెండు కారణాలున్నాయి.

మొదటిది, ఫలితం వచ్చిన క్షణాన్నే చెక్ బజర్ మోగించడం మంచిది కాదు. టెక్నీషియన్ అప్పటికే స్క్రీన్ మీద చూసి ఫోన్ తీసి ఉండొచ్చు. తాను చేస్తున్న పని గురించే బజర్ మోగితే ఎవరికైనా చిరాకే, నాలుగు రోజులకు దాన్ని పట్టించుకోవడం మానేస్తారు. అందుకే 5 నిమిషాలు దాటినవాటినే చూపించమన్నాం. ఇక 20 మిగిలాయి. రెండోది, ఏదో ఒకసారి చెక్ నడవదు. కంప్యూటర్ రీస్టార్ట్ అవుతూ ఉంటుంది, డేటాబేస్ బ్యాకప్ నడుస్తూ ఉంటుంది, కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునేలోపు మిషన్ ఆగిపోతుంది. ఒకసారి తప్పినా గడువు తప్పకూడదనుకుంటే ఆ 20లో రెండు విరామాలు పట్టాలి. అంటే ఒక్కొక్కటి 10 నిమిషాలు.

ఆ పది ఇలా వచ్చింది. అయిదు, రెండు పదులు కలిపి ఇరవై అయిదు. దానికి మనుషుల ముప్పై అయిదు కలిపితే అరవై. ఏ అంకె ఎందుకుందో మేడమ్‌కు కాగితం మీద చూపించగలిగాను. ఆవిడ వెంటనే పట్టుకున్నది డాక్టర్ ఫోన్‌కు పెట్టిన 10 నిమిషాలను. రాత్రిపూట అంత సులువు కాదన్నారు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

“అయితే నిమిషానికోసారి పెట్టేస్తే గొడవే ఉండదు కదా” అని ప్రోగ్రామర్లు అంటారు. ఈ డేటాబేస్ చిన్నది, సర్వర్‌కు అది భారమే కాదు, నిజమే. నా అభ్యంతరం వేరు. నిమిషానికోసారి పెడితే కంప్యూటర్ వాటా చెడ్డ సందర్భంలో 25 నుంచి 7కి తగ్గుతుంది. కానీ ఎవరూ లెక్క కట్టి ఉండరు కాబట్టి మనుషుల వాటా ఎంతో ఎవరికీ తెలియదు. రెండో మనిషి ఎవరో రాసి ఉండదు. డాక్టర్ల నంబర్లు పాతవే ఉంటాయి. 35 అనుకున్నది నిజంగా 70 అయితే, నిమిషానికోసారి కాదు క్షణానికోసారి చూసినా గడువు తప్పుతుంది. వేగంగా నడిచే చెక్ ఈ నిజాన్ని కప్పేస్తుంది. లెక్క కట్టి 10 పెట్టినచోట మాత్రం, మిగతా 50 నిమిషాలు ఎవరివో అందరికీ తెలుస్తుంది.

ఇంకొక వాదన ఉంది, దీనికి బలం ఎక్కువ. ఫలితం నమోదైన క్షణమే ప్రోగ్రామ్ హెచ్చరిక పంపొచ్చు కదా, మధ్యమధ్యలో వెతకడం ఎందుకు? పంపాలి, పంపుతున్నాం కూడా. స్క్రీన్ మీద ఎర్రగా వచ్చేది అదే. కానీ ఆ హెచ్చరిక ఒక్కసారే పుడుతుంది. ఆ క్షణంలో స్క్రీన్ ఎవరూ చూడకపోయినా, నెట్‌వర్క్ తెగినా అది మళ్లీ పుట్టదు. మనం వెతుకుతున్నది సరిగ్గా అలా జారిపోయినవాటిని. జారిపోయిన శాంపిల్ పేషెంట్‌కూ అదే గంట గడువు. తక్షణ హెచ్చరిక ఉంది కదా అని చెక్‌ను రెండు గంటలకు వదులు చేస్తే, ఎవరికి అవసరమో వాళ్లకే అది అందదు. ఎన్ని శాంపిల్స్ చెక్ దాకా వస్తాయన్నది తగ్గుతుంది, విరామం మాత్రం మారదు.

ఇక చెక్ ఏం అడగాలన్నది. లెక్క ఎంత బాగా కట్టినా ఇక్కడ తప్పితే అంతా వృథా. మేం వాడే డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. ప్రశ్న ఇది:

```sql
SELECT id, sample_no, resulted_at
FROM results
WHERE is_critical
  AND informed_at IS NULL
  AND resulted_at < now() - interval '5 minutes'
ORDER BY resulted_at;
```

ఇందులో లేనిదాన్ని గమనించండి. “గత 10 నిమిషాల్లో వచ్చినవి” అన్న షరతు ఎక్కడా లేదు. చెక్ 10 నిమిషాలకోసారి నడుస్తుంది కదా అని చాలామంది ఆ షరతు రాస్తారు. అలా రాస్తే ఒక్కసారి చెక్ తప్పినా ఆ 10 నిమిషాల్లో వచ్చిన శాంపిల్స్ ఇక ఎప్పటికీ కనబడవు. ఒకసారి తప్పినా ఫర్వాలేదని రెండు విరామాలు పట్టించిన లెక్క అక్కడే కూలిపోతుంది. చెప్పనివన్నీ, ఎంత పాతవైనా, ప్రతిసారీ కనబడాలి. అప్పుడు రెండు గంటలు కరెంటు లేకపోయినా మిషన్ లేచాక నడిచే మొదటి చెక్ అన్నిటినీ బయటపెడుతుంది.

రెండో సంగతి `resulted_at`. గడియారం ఎక్కడ మొదలవుతుందన్నదే ఇక్కడ ప్రశ్న. అనలైజర్ మిషన్ ఫలితం ఇచ్చిన సమయం ఒకటి, టెక్నీషియన్ దాన్ని చూసి ఓకే చేసిన సమయం ఇంకొకటి. పొద్దున ఫాస్టింగ్ శాంపిల్స్ రద్దీలో ఈ రెంటి మధ్య అరగంట కూడా పడుతుంది. ఓకే అయినవాటినే చెక్ చూస్తే, మిషన్‌లో ఫలితం వచ్చి ఎవరూ తెరవని శాంపిల్ దానికి పెండింగే కాదు. రిపోర్టుల్లో అంతా గంటలోపే అయినట్టు కనిపిస్తుంది, పేషెంట్‌కు మాత్రం గంటన్నర గడిచిపోయి ఉంటుంది. గడువు ఏ క్షణం నుంచి లెక్కో పెండింగ్ కూడా ఆ క్షణం నుంచే లెక్క. అందుకని మేం మిషన్ ఇచ్చిన సమయాన్నే పట్టుకున్నాం, ఓకే కాని ఫలితాలను కూడా చెక్‌లోకి తెచ్చాం.

రెండో మనిషికి హెచ్చరిక వెళ్లేది కూడా ఈ చెక్ ద్వారానే. ఇక్కడ క్షణాల తేడాతో పుట్టే చిక్కు ఒకటి ఉంది. మొదటి హెచ్చరిక 10:00:03కి నమోదైందనుకోండి. “హెచ్చరించి 10 నిమిషాలు దాటితే రెండో మనిషికి పంపు” అని రాశారు. తర్వాతి చెక్ 10:10:01కి అడుగుతుంది. గడిచింది 9 నిమిషాల 58 సెకన్లు. ఇంకా పది కాలేదు కాబట్టి పంపదు. పంపేది 10:20కి. రెండు సెకన్ల తేడా 10 నిమిషాలను మింగేసింది, అదీ ఒకరోజు జరిగి ఒకరోజు జరగకుండా. కాబట్టి అక్కడ 10కి బదులు 9 నిమిషాలు రాయాలి. విరామమూ వయసు షరతూ ఒకే అంకె అయిన ప్రతిచోటా ఇది వెతికి చూడాల్సిన విషయం.

చెక్‌ను టైముకు నడిపే పని, ప్రోగ్రామ్‌లను చెప్పిన వేళలకు నడిపే క్రాన్‌కు అప్పగించాం. లెక్కలో ఏ 25 నిమిషాలో తేలి ఉంటే `*/25` అని రాయాలనిపిస్తుంది. అది 25 నిమిషాలకోసారి నడవదు. ప్రతి గంటలో 0, 25, 50 నిమిషాల దగ్గర నడిచి, మళ్లీ గంట మొదట్లో నడుస్తుంది. చివరి విరామం పదే నిమిషాలు. దానివల్ల గడువేమీ తప్పదు గానీ, `*/90` అని రాసినవాళ్లకు గంటన్నరకు బదులు గంటకోసారి నడుస్తుంది, ఎందుకో అర్థం కాదు. అరవైని సరిగ్గా భాగించే అంకెకు కిందికి దిగడం మేలు. 13 వస్తే 12, 11 వస్తే 10. పైకి మాత్రం ఎక్కకూడదు, ఎక్కిన ప్రతి నిమిషమూ మనుషుల వాటాలోంచి పోతుంది.

చెక్ మధ్యలో ఇరుక్కుపోతే ఏం జరుగుతుంది? రెండు చెక్‌లు ఒకేసారి నడవకుండా `flock` పెడతాం. మొదటిది ఇరుక్కుంటే మిగతావన్నీ తాళం చూసి మాట్లాడకుండా వెళ్లిపోతాయి. గంటలు గడిచినా ఎవరికీ తెలియదు. అందుకని `timeout`తో రెండు నిమిషాలకు దాన్ని ఆపేయాలి. చెక్ సరిగా ముగిసిన ప్రతిసారీ ఆ సమయాన్ని రాసిపెట్టి ల్యాబ్ స్క్రీన్ పైమూల “చివరి చెక్ 11:40” అని చూపిస్తాం. 20 నిమిషాలు దాటితే అది ఎర్రబడుతుంది. ఈ 20 కూడా ఆ లెక్కలోదే. ఒక చెక్ తప్పడాన్ని భరిస్తామన్నాం, అంతకు మించితే మనిషి లేచి పాత పద్ధతిలో రిజిస్టర్ తిరగేయాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి రోజులకు ఏ విరామమూ పనికిరాదు, అందుకే ఆ రిజిస్టర్‌ను మేం తీసేయలేదు.

లెక్క నిలబడుతోందా లేదా అన్నది వారానికోసారి చూస్తాం. ఫలితానికీ మొదటి హెచ్చరికకూ మధ్య అన్నిటికన్నా ఎక్కువ ఆలస్యం ఎంతో తీస్తాం. పగటి శాంపిల్స్‌లో అది సుమారు 15 నిమిషాలలోపు ఉంటే అన్ని చెక్‌లూ నడిచినట్టు. 15 దాటి 25లోపు ఉంటే ఒకటి తప్పినట్టు. 25 దాటితే వరసగా రెండు తప్పాయి, కారణం వెతకాలి. అయితే దీన్నొక్కదాన్నే నమ్మకూడదు. అసలు హెచ్చరికే వెళ్లని శాంపిల్‌కు ఈ లెక్కలో అంకె ఉండదు, `max` దాన్ని వదిలేస్తుంది. చెక్ పూర్తిగా ఆగిపోయిన వారంలో అంకె బాగానే కనిపిస్తుంది. అందుకే పక్కనే ఇది కూడా అడుగుతాం:

```sql
SELECT max(coalesce(informed_at, now()) - resulted_at)
FROM results
WHERE is_critical
  AND resulted_at > now() - interval '7 days';
```

ఇంకా చెప్పని శాంపిల్ ఉంటే ఈ ప్రశ్నలో దాని ఆలస్యం ఇప్పటిదాకా లెక్కకు వస్తుంది. ఇది 60 దాటి, ఆ శాంపిల్‌కు హెచ్చరిక వెళ్లి ఉండి, మొదటి అంకె 25లోపే ఉంటే లోపం మనుషుల వాటాలో ఉన్నట్టు. అప్పుడు క్రాన్ ముట్టుకోవడం దండగ, డాక్టర్ల నంబర్లు సరిచూసుకోవాలి.

అదే ల్యాబ్‌లో ఇంకో పెండింగ్ ఉంది, దానికి నిమిషాల విరామం నప్పదు. ఇక్కడ చేయని పరీక్షల శాంపిల్స్ సాయంత్రం 6 గంటల బండిలో విశాఖ వెళ్తాయి. ఫారం లేనివి, పేషెంట్ వయసు రాయనివి బండి ఎక్కవు. ఇక్కడ గడువు ఇన్ని నిమిషాలని కాదు, బండి బయలుదేరే టైము. ఐస్ బాక్స్ సర్దడానికి అరగంట, సోంపేటలోనో టెక్కలిలోనో కలెక్షన్ సెంటర్‌కు ఫోన్ చేసి వివరం రాబట్టడానికి ముప్పావుగంట. అంటే 4:45కి ఒకసారి చూడాలి. ఆ చెక్ తప్పినా ఇబ్బంది రాకుండా, దానికి ముందే 4:15కి ఇంకొకసారి. పొద్దుట్నుంచి 10 నిమిషాలకోసారి ఈ జాబితా చూపించినా ఉపయోగం లేదు. ఉదయం 11కి సగం శాంపిల్స్‌కు ఫారాలు దారిలోనే ఉంటాయి.

మళ్లీ పొటాషియం దగ్గరకు. మేడమ్ రాత్రి గురించి అన్నది నిజం. తొమ్మిది దాటాక ఓపీలు మూసేస్తారు, డాక్టర్ ఇంట్లో ఉంటారు, ఆసుపత్రి డ్యూటీ నర్సు ద్వారా పట్టుకోవాలి. ఆ 10 నిమిషాలను 20 చేయమన్నారు. మనుషుల వాటా 45 అయింది, కంప్యూటర్‌కు 15 మిగిలాయి. ఓపిక పట్టే 5 తీసేస్తే 10, అందులో రెండు విరామాలు పట్టాలి. రాత్రి శాంపిల్స్ తక్కువ కాబట్టి చెక్ కూడా తక్కువసార్లు నడిస్తే చాలని నాకు చాలామంది చెప్పారు. లెక్క దానికి సరిగ్గా ఎదురు చెప్పింది. ఇప్పుడు ఆ సర్వర్‌లో ఉన్నవి ఈ రెండు వరసలు:

```
*/10 7-20 * * *      flock -n /tmp/crit.lock timeout 120 /opt/lab/check_pending.sh
*/5  21-23,0-6 * * * flock -n /tmp/crit.lock timeout 120 /opt/lab/check_pending.sh
```

ఆ సర్వర్ ల్యాబ్‌లోనే ఉంది, మన టైములోనే నడుస్తుంది. అద్దె సర్వర్‌లో పెట్టేవాళ్లు ముందు `date` కొట్టి చూడాలి. అది యూటీసీలో ఉంటే ఈ 21 మన రాత్రి 9 కాదు, తెల్లవారుజామున రెండున్నర.